యాభై కంపెనీల షేర్లు కొన్నా పోని రిస్క్

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు కంపెనీ లెక్కల్లో ఏళ్ల తరబడి తప్పుడు అంకెలు చూపించామని లేఖ రాశారు. ఆ ఒక్క రోజే సత్యం షేరు దాదాపు 78 శాతం పడిపోయింది. లక్ష రూపాయలూ అందులోనే పెట్టినవాళ్లకు సాయంత్రానికి మిగిలింది 22 వేలు. అదే లక్షను 50 కంపెనీల్లో రెండేసి వేల చొప్పున పంచి పెట్టి ఉంటే, సత్యం షేరు వల్ల పోయేది సుమారు 1,560 రూపాయలు.

2020 మార్చి 23 నాటి కథ వేరు. కరోనా భయంతో మార్కెట్ కుప్పకూలిన ఆ సోమవారం, 50 పెద్ద కంపెనీలతో కూడిన నిఫ్టీ సూచీ దాదాపు 13 శాతం పడింది. ఏ కంపెనీ కూడా మోసం చేయలేదు, ఎవరూ లేఖ రాయలేదు. అయినా సూచీలో పెట్టిన లక్షకు ఒక్కరోజులో 13 వేలు పోయాయి. మొదటి దెబ్బను అంత తేలిక చేసిన పంపకం రెండో దెబ్బకు ఎందుకు పనిచేయలేదు?

ఒక కంపెనీకి మాత్రమే వచ్చే ఆపదలు కొన్ని ఉంటాయి: ఖాతాల్లో మోసం, ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం, ఒక మందుకు అనుమతి రాకపోవడం. మార్కెట్ అంతటినీ ఒకేసారి తాకేవి మరికొన్ని: వడ్డీ రేట్లు, ముడిచమురు ధర, యుద్ధం, మహమ్మారి. పది ఊళ్లలో పొలాలున్న రైతును ఒక ఊళ్లో వచ్చిన తెగులు ముంచేయలేదు, కానీ ఆ ఏడు రుతుపవనాలే రాకపోతే పది పొలాలూ ఎండుతాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అయితే ఎన్ని షేర్లకు ఎంత రిస్క్ తగ్గుతుంది, ఎక్కడికి వచ్చి ఆగిపోతుంది అన్నది ఊహతో చెప్పేది కాదు. దాన్ని లెక్కగట్టే దారిని 1952లో హ్యారీ మార్కోవిట్జ్ చూపించారు. ఆ కృషికే 1990లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఒక షేరు రాబడి సగటు నుంచి ఎంత ఊగిసలాడుతుందో చెప్పే కొలత ప్రామాణిక విచలనం. దాని వర్గమే వేరియన్స్. లెక్క సులువుగా ఉండటానికి, మన షేర్లన్నిటి ఊగిసలాట ఏడాదికి 40 శాతం అనుకుందాం. అంటే ఒక్కోదాని వేరియన్స్ 40 × 40, అంటే 1600. ఏ రెండు షేర్లైనా ఎంత కలిసి కదులుతాయో చెప్పే కోరిలేషన్ 0.3 అనుకుందాం. అది సున్నా అయితే వాటి కదలికల మధ్య పొంతన లేనట్టు, 1 అయితే అచ్చంగా కలిసి నడుస్తున్నట్టు. 1600ను 0.3తో గుణిస్తే వచ్చే 480ని కోవేరియన్స్ అంటారు.

డబ్బును n షేర్లకు సమానంగా పంచితే మొత్తం పోర్ట్‌ఫోలియో వేరియన్స్ ఇలా వస్తుంది:

వేరియన్స్ = (1/n) × సగటు వేరియన్స్ + (1 − 1/n) × సగటు కోవేరియన్స్

ఇది ఎలా వచ్చిందో చూస్తే విషయం సగం అర్థమైపోతుంది. 50 అడ్డు వరుసలు, 50 నిలువు వరుసలు ఉన్న పట్టిక గీసి, ప్రతి గడిలో ఆ రెండు షేర్ల సంబంధాన్ని రాయండి. మొత్తం 2,500 గడులు. మూల నుంచి మూలకు ఉన్న 50 గడుల్లో ఒక షేరుకు ఎదురుగా అదే షేరు ఉంటుంది. అక్కడ ఆ షేరు సొంత వేరియన్స్ వస్తుంది. మిగిలిన 2,450 గడుల్లో ఉండేవి జంటల కోవేరియన్స్‌లే. పోర్ట్‌ఫోలియో వేరియన్స్ అంటే ఈ 2,500 అంకెల సగటు, అంతే. ఒక షేరు తనంతట తాను ఎంత ఎగిరిపడినా ఆ సగటులో దాని గొంతు వినిపించదు. షేర్లు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తాయన్నదే మొత్తాన్ని నిర్ణయిస్తుంది. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే.

ఇప్పుడు అంకెలు వేద్దాం. ఒకే షేరు ఉంటే ఊగిసలాట 40 శాతం. రెండైతే వేరియన్స్ 1040, ఊగిసలాట 32.2 శాతం. ఒక్క షేరు అదనంగా చేరినందుకే దాదాపు 8 శాతం పాయింట్లు తగ్గాయి. పది షేర్లకు 24.3. ఇరవైకి 23.2. యాభైకి 22.4. వందకు 22.2. ఇక వెయ్యి కొన్నా, పదివేలు కొన్నా 21.9 దగ్గర నేల తగులుతుంది. ఎందుకంటే n పెరిగేకొద్దీ ఫార్ములాలో మొదటి భాగం కరిగిపోతుంది, రెండో భాగం 480 దగ్గర నిలిచిపోతుంది. దాని వర్గమూలమే 21.9. కరిగిపోయింది కంపెనీల సొంత రిస్క్, మిగిలింది మార్కెట్ రిస్క్. షేర్ల మధ్య ఏ సంబంధమూ లేకుండా ఉంటే 50 షేర్లతో ఊగిసలాట 5.7 శాతానికి దిగేది. కానీ ఒకే దేశంలో, ఒకే వడ్డీ రేట్ల కింద వ్యాపారం చేసే కంపెనీల మధ్య సంబంధం లేకుండా ఎలా ఉంటుంది?

మరి ఎన్ని షేర్లు చాలు? 1968లో ఎవాన్స్, ఆర్చర్ అనే ఇద్దరు అమెరికా షేర్లతో లెక్కవేసి, పది దాటాక లాభం చాలా స్వల్పమన్నారు. 1987లో మైర్ స్టాట్‌మన్ అది చాలదని, కనీసం 30 ఉండాలని వాదించారు. మన ఉదాహరణలో పదికీ ముప్పైకీ తేడా ఒకటిన్నర శాతం పాయింట్లు మాత్రమే. అది చిన్నదా పెద్దదా అన్నది మదుపరి పెట్టే ఖర్చును బట్టి ఉంటుంది.

సంఖ్యను చూసి మోసపోవడం మాత్రం తేలిక. పది షేర్లూ బ్యాంకులవే అయితే వాటి మధ్య కోరిలేషన్ 0.6 దాకా ఉందనుకోండి. అప్పుడు పది షేర్లతో ఊగిసలాట 32 శాతం. వేర్వేరు రంగాల నుంచి ఎంచుకున్న రెండు షేర్లతో వచ్చిన ఫలితం కూడా దాదాపు అంతే. మ్యూచువల్ ఫండ్లలోనూ ఇదే జరుగుతుంది. సెబీ నిబంధన ప్రకారం లార్జ్‌క్యాప్ ఫండ్ తన డబ్బులో కనీసం 80 శాతాన్ని మార్కెట్ విలువలో మొదటి వంద కంపెనీల్లోనే పెట్టాలి. అలాంటి ఫండ్లు ఐదు కొన్నవారి చేతిలో చాలావరకు అవే షేర్లు ఐదుసార్లు ఉంటాయి. ఫండ్ సంస్థలు నెలనెలా ప్రకటించే షేర్ల జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే అది తెలిసిపోతుంది.

ఈ లెక్కకు అసలైన బలహీనత మరొకటి ఉంది. కోరిలేషన్ స్థిరంగా ఉండదు. మామూలు రోజుల్లో 0.3 ఉన్నది, అందరూ ఒకేసారి అమ్ముకునే రోజుల్లో 0.7కి చేరిందనుకుంటే, అవే 50 షేర్ల ఊగిసలాట 22.4 నుంచి 33.6 శాతానికి ఎగబాకుతుంది. ఇందులో ఒక్కో షేరు ఊగిసలాట పెరగడాన్ని లెక్కలోకే తీసుకోలేదు. అంటే నేల అనుకున్నదే పైకి లేస్తుంది, అదీ రక్షణ కావాల్సిన రోజునే. సత్యం రోజు కూడా దెబ్బ ఆ ఒక్క షేరుతో ఆగలేదు. మిగతా కంపెనీల లెక్కల మీదా అనుమానం పాకి, సెన్సెక్స్ 7 శాతానికి పైగా పడింది. మొదట్లో చెప్పిన 1,560 రూపాయలు సత్యం వాటా మాత్రమే. మిగతా 49 షేర్ల మీద పడిన దెబ్బ అందులో లేదు.

మరో షేరు చేర్చి మార్కెట్ రిస్క్‌ను తగ్గించలేం. షేర్లలో పెట్టే వాటాను తగ్గించుకోవాలి. 50 షేర్ల పోర్ట్‌ఫోలియోలోంచి సగం డబ్బు తీసి బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే, డిపాజిట్ ఊగదు కాబట్టి మొత్తం ఊగిసలాట 22.4లో సగం, అంటే 11.2 శాతం అవుతుంది. దానికి బదులుగా ఆ సగం డబ్బు మీద షేర్ల నుంచి రాగల అదనపు రాబడిని వదులుకోవాలి. విలియం షార్ప్ 1964లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం ఆ అదనపు రాబడి మార్కెట్ రిస్క్‌ను మోసినందుకు దక్కే ప్రతిఫలం. కంపెనీ సొంత రిస్క్‌ను పంచిపెట్టి ఎవరైనా పోగొట్టుకోవచ్చు కాబట్టి, దాన్ని మోసినందుకు మార్కెట్ ఏమీ చెల్లించదు.