కప్ప నుంచి డబ్బా దాకా

1988లో అమెరికా ఇంజనీరు స్కాట్ క్రంప్ తన కూతురికి బొమ్మకప్ప చేసిపెట్టాలనుకున్నాడు. గ్లూగన్‌లో పాలిథిలీన్, కొవ్వొత్తి మైనం కలిపి నింపి, పొర మీద పొర వేస్తూ కప్పను లేపాడు. మరుసటి ఏడాది భార్య లీసాతో కలిసి స్ట్రాటసిస్ కంపెనీ పెట్టాడు. 1992లో ఈ పద్ధతికి పేటెంటు చేతికొచ్చింది. 2005లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ రెప్‌ర్యాప్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, ఇలాంటి యంత్రం నమూనాలను అందరికీ ఊరికే ఇచ్చేశాడు. 2009లో క్రంప్ పేటెంటు గడువు తీరింది. అక్కణ్ణుంచి ఎఫ్‌డీఎం ప్రింటరు ఇళ్లలోకి వచ్చింది.

ఇన్నేళ్లలో మోటార్లు మారాయి, వేగం పెరిగింది. పని మాత్రం అదే: జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు కరిగిన ప్లాస్టిక్ దారం వస్తుంది, కింది దారం మీద పడి అతుక్కుంటుంది. డబ్బా గీసేటప్పుడు ఈ దారం కొలతను మరిచిపోతే చిక్కులు తప్పవు. రాస్ప్‌బెరీ పై 4 బోర్డుకు డబ్బా చేస్తున్నామనుకుందాం. బోర్డు 85 × 56 మి.మీ. చుట్టూ అర మి.మీ. వదిలితే లోపలి జాగా 86 × 57.

ముందు గోడ. గోడ మందం 1.5 అని వేయడానికి చెయ్యి ఉబలాటపడుతుంది, లెక్కకు తేలిగ్గా ఉంటుంది కదా! కానీ 0.4 మి.మీ. నాజిల్‌తో వచ్చే దారం మామూలుగా 0.45 వెడల్పు, 0.2 ఎత్తు. దారం అంచులు గుండ్రటివి కాబట్టి పక్కపక్క దారాలు కాస్త ఒకదానిలోకి ఒకటి ఒదుగుతాయి. ప్రూసాస్లైసర్ లెక్కలో రెండు దారాలు 0.86, మూడు 1.26, నాలుగు 1.67 మి.మీ. అవుతాయి. మన 1.5 మూడుకీ నాలుగుకీ మధ్య పడింది. పాత స్లైసర్లయితే గోడ నడుమ సన్నని సందు వదిలేవి, లేదా దాన్ని చిన్న చిన్న కుట్లతో పూడ్చేవి. అప్పుడు ప్రింటరు గజగజలాడుతుంది, ఆ చప్పుడు పక్కగదిలోకి వినిపిస్తుంది. కొత్తవి దారం వెడల్పునే సర్దుకుంటాయి. అయినా నేను 1.67 వేస్తాను. స్లైసర్ తెలివి మీద ఆధారపడని డబ్బా ఏ ప్రింటరులోనైనా నిలుస్తుంది.

ఇక వేలాడే భాగాలు. నలభై ఐదు డిగ్రీల వాలులో ప్రతి పొరా కింది పొరకన్నా 0.2 బయటికి జరుగుతుంది. దారం వెడల్పు 0.45 కనుక సగానికి పైగా కింద ఆసరా ఉంటుంది. నిలువు నుంచి అరవై డిగ్రీలు వంచితే 0.35 దాకా జరుగుతుంది, మిగిలే ఆసరా 0.1. అక్కడ దారం జారి, అడుగుభాగం గరుకుగా వేలాడుతుంది. పొర ఎత్తు 0.1కి తగ్గిస్తే జరిగేది కూడా సగమవుతుంది, అదే వాలు శుభ్రంగా వస్తుంది. ప్రింటు మాత్రం రెట్టింపు సేపు పడుతుంది.

మన డబ్బాలో అసలు ఇబ్బంది ఈథర్‌నెట్ కిటికీ. సుమారు 16 మి.మీ. వెడల్పు సాకెట్టుకి పైన దారం గాలిలో వంతెన కట్టాలి. కడుతుంది, కాస్త కిందికి సాగుతుంది. దానికన్నా పెద్ద తంటా ఇంకోటి ఉంది: సాకెట్లు బోర్డు అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి. నాలుగు వైపులా మూసిన కిటికీలుంటే బోర్డు నేరుగా దిగదు. అందుకే కిటికీలను గోడ పైఅంచు దాకా తెరిచి వదిలేసి, పైభాగం మూతకున్న నాలుకలతో మూయాలి. వంతెనా తప్పింది, బోర్డూ దిగింది. మూతను తలకిందులుగా ప్రింటు చేస్తే పైకి కనిపించే ముఖం బెడ్ మీద నున్నగా వస్తుంది, నాలుకలు పైకి లేస్తాయి. సపోర్టు అవసరమే లేదు.

చివరిగా సందులు. మూత కింద పెదవి గోడ లోపలికి దిగాలంటే ఒక్కో వైపు 0.2 సందు వదలాలి. అంటే పెదవి బయటి కొలత 85.6 × 56.6. స్క్రూ రంధ్రాలది వేరే కథ. చిన్న వృత్తం తిరిగేటప్పుడు దారం లోపలికి లాగుతుంది. దానికి తోడు మోడల్ ఫైలులో వృత్తమంటే నిజానికి చిన్న చిన్న గీతల బహుభుజి. 2.5 మి.మీ. స్క్రూ వదులుగా దూరాలంటే 2.9 గీయాలి.

మొదటి పొర బెడ్ మీద అదుముకుని కాస్త వెడల్పవుతుంది, దీన్ని ఏనుగు పాదం అంటారు. తలకిందులుగా ప్రింటయిన మూతకి ఈ అంచు పైన కనబడుతుంది, వేలికి కూడా తగులుతుంది. అంచులో 0.4 మి.మీ. ఏటవాలుగా కోసేస్తే పోతుంది.

పూర్తి డబ్బా ప్రింటు చేసే ముందు గోడ పైఅంచునీ పెదవినీ ఐదేసి మి.మీ. ఎత్తులో ప్రింటు తీసి ఒకదానిలో ఒకటి దూర్చి చూడాలి. బిగుతుగా ఉంటే గోడ జోలికి పోవద్దు. రెండు దారాల పెదవి మందం 0.86 అలాగే ఉంచి, మొత్తాన్ని ఒక్కో వైపు 0.05 లోపలికి జరిపి మళ్లీ చూడాలి.