గడువు దాటినా రిటెన్షన్ డబ్బు రాలేదా? అర్జీలో ఏం రాయాలి, ఎప్పటిలోగా రాయాలి

నాయుడుపేట: రోడ్డు వేసి, డ్రైన్ కట్టి, స్కూలు గదులు పూర్తి చేసి ఏళ్లు గడిచినా, బిల్లుల్లో పట్టుకున్న డబ్బు చేతికి రాని చిన్న కాంట్రాక్టర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆఫీసుకు వెళితే "ఫైల్ పెట్టాం, వస్తుంది" అంటారు. ఇంట్లో అడిగితే "వస్తుందిలే" అని వీళ్లు చెబుతారు. ఇలా తిరుగుతుండగానే ఆ డబ్బును చట్టప్రకారం అడిగే గడువు దాటిపోవచ్చు. అందుకే ఈ లెక్క ముందే తెలిసి ఉండాలి.

ఈ డబ్బు ఎవరిది?

పని చేసిన కాంట్రాక్టర్‌కు ఇవ్వాల్సిన బిల్లులోంచి కొంత శాతం ఆపి ఉంచడాన్నే రిటెన్షన్ అంటారు. మన ఇళ్లల్లో వాడే మాటలో చెప్పాలంటే ఇది అమానత్ లాంటిది. డబ్బు కాంట్రాక్టర్‌ది, పని బాగుందని తేలేదాకా ఆఫీసు దగ్గర ఉంటుంది. ఎంత శాతం ఆపాలి, ఎన్నాళ్లు ఉంచాలి అనేది అగ్రిమెంట్‌లోనే రాసి ఉంటుంది. అంతర్జాతీయ పనుల్లో వాడే ఫిడిక్ 1999 ఒప్పందంలో సగం పని అప్పగించినప్పుడు, మిగతా సగం లోపాల గడువు ముగిశాక ఇస్తారు. ఇక్కడ కొన్ని అగ్రిమెంట్లలో మొత్తం చివరిదాకా ఆపవచ్చు. కాబట్టి ముందుగా చూడాల్సింది మన అగ్రిమెంట్‌లోని ఆ క్లాజునే.

లోపాల బాధ్యత గడువు అంటే, ఆ కాలంలో పనిలో లోపం బయటపడితే కాంట్రాక్టర్ తన ఖర్చుతో సరిచేయాలి. ఈ గడువు చాలా అగ్రిమెంట్లలో పని పూర్తయిన తేదీ నుంచే మొదలవుతుంది, చివరి బిల్లు డబ్బు పడిన తేదీ నుంచి కాదు. అందువల్ల పూర్తి సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ చాలా ముఖ్యం.

ఒక లెక్క చూద్దాం

ఉదాహరణకు నాయుడుపేటలో ఒక కాంట్రాక్టర్ 40 లక్షల రూపాయల సీసీ రోడ్డు, డ్రైన్ పని 2021 జూన్ 30న పూర్తి చేశాడనుకుందాం. అగ్రిమెంట్ ప్రకారం 5 శాతం, అంటే 2 లక్షలు ఆపారు. లోపాల గడువు రెండేళ్లు. అది 2023 జూన్ 30తో ముగుస్తుంది.

ఈ మధ్యలో 2021 నవంబర్ వరదలు వచ్చాయి. స్వర్ణముఖి పొంగి ఈ ప్రాంతంలో చాలాచోట్ల రోడ్లు దెబ్బతిన్నాయి. ఈ రోడ్డు పక్కన వేసిన గ్రావెల్ కూడా కొట్టుకుపోయిందనుకుందాం. ఇది నాసిరకం పని వల్ల వచ్చిన లోపం కాదు, వరద నష్టం. కానీ ఆ మాట రెండేళ్ల తర్వాత చెబితే నమ్మేవాళ్లు తక్కువ. వరద తగ్గిన వారంలోనే తేదీతో ఫొటోలు తీసి, ఆఫీసుకు లెటర్ ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకుంటే అది సాక్ష్యం అవుతుంది.

2022 సెప్టెంబర్‌లో డ్రైన్ పైస్లాబు ఒకటి పగిలిందని ఆఫీసు నోటీసు ఇచ్చింది. కాంట్రాక్టర్ పట్టించుకోలేదు. ఆఫీసు వేరేవాళ్లతో 18 వేలకు బాగు చేయించింది. ఇది నిజమైన లోపం, గడువులోపు నోటీసు కూడా ఇచ్చారు. కాబట్టి ఆ 18 వేలు తగ్గించుకోవచ్చు. మిగిలిన 1,82,000 రూపాయలు ఆపడానికి ఆ స్లాబు కారణం కాదు. లోపానికి అయిన ఖర్చు ఎంతో అంతే పట్టుకోవాలి. చిన్న లోపం చూపించి మొత్తం డబ్బు ఆపితే, అది ఏ క్లాజు ప్రకారమో రాతపూర్వకంగా చెప్పమని అడగాలి.

అర్జీలో ఏం ఉండాలి?

గడువు ముగిసిన వెంటనే, రోజులు లెక్కపెట్టకుండా, అర్జీ ఇవ్వాలి. నోటిమాట, ఫోను, వాట్సాప్ సరిపోవు. పని పేరు, అగ్రిమెంట్ నంబరు, పూర్తయిన తేదీ, గడువు ముగిసిన తేదీ, ఏ బిల్లులో ఎంత పట్టుకున్నారో పట్టిక, కావాల్సిన మొత్తం రాయాలి. పూర్తి సర్టిఫికెట్, చివరి బిల్లు, ఎం బుక్ పేజీల నకళ్లు జత చేయాలి. అసలు మాట ఇలా ఉంటే చాలు:

"పై పనికి లోపాల బాధ్యత గడువు 30-06-2023తో ముగిసింది. గడువులోపు వచ్చిన ఒక్క నోటీసు తాలూకు ఖర్చు రూ.18,000 పోను, మిగిలిన రూ.1,82,000 విడుదల చేయగలరు. ఆలస్యమైతే ఈ లెటర్ తేదీ నుంచి వడ్డీ కోరతాను."

చివరి వాక్యం ఊరికే రాసేది కాదు. 1978 వడ్డీ చట్టం ప్రకారం, వడ్డీ కోరతానని రాతపూర్వకంగా తెలియజేసిన తేదీ నుంచి కోర్టు వడ్డీ ఇవ్వగలదు. అయితే వడ్డీ ఉండదని అగ్రిమెంట్‌లోనే రాసి ఉంటే ఆ అవకాశం దెబ్బతింటుంది.

అర్జీ నకలు మీద తేదీతో ఇన్వర్డ్ స్టాంపు వేయించుకోవాలి. స్పీడ్ పోస్టులో ఇంకో నకలు పంపాలి. "ఫైల్ దొరకడం లేదు, అప్పటి ఏఈ బదిలీ అయ్యాడు" అంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. గడువులోపు ఈ పని మీద లోపాల నోటీసులు ఏమైనా ఇచ్చారా, ఇస్తే నకళ్లు ఇవ్వండి అని అడగాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఏ నోటీసూ లేదు" అని వాళ్లే రాసిస్తే, ఆ కాగితమే కాంట్రాక్టర్‌కు బలం.

రిమైండర్లు గడియారాన్ని ఆపవు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇలాంటి డబ్బు కోసం కోర్టుకో, ఆర్బిట్రేషన్‌కో వెళ్లడానికి సాధారణంగా మూడేళ్లే సమయం. ఎటు పోయినా చేటు లేకుండా ఉండాలంటే గడువు ముగిసిన తేదీ నుంచే లెక్కించాలి. మన ఉదాహరణలో అది 2026 జూన్ 30. ఏటా రెండు రిమైండర్లు రాశాను కదా, గడువు పెరుగుతుందనుకుంటే పొరపాటు. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీకి ఇళ్లు కట్టిన ఒక కాంట్రాక్టర్ కేసులో 1988లోనే సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది. రిమైండర్లు రాస్తూ పోతే హక్కు పుట్టిన తేదీ వెనక్కి జరగదని చెప్పింది.

పెద్ద కంపెనీలు కూడా ఇందులో ఓడిపోయాయి. నార్టెల్ కంపెనీకి రావాల్సిన దాంట్లో బీఎస్ఎన్ఎల్ దాదాపు 100 కోట్లు పట్టుకుంది. కంపెనీ అడిగితే 2014 ఆగస్టులో కుదరదని చెప్పింది. కంపెనీ ఆర్బిట్రేషన్ నోటీసు ఇచ్చింది 2020 ఏప్రిల్‌లో. సమయం దాటిపోయిందని 2021 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. డబ్బు ఎవరిది అన్న ప్రశ్న దాకా విషయం వెళ్లనే లేదు.

గడువు కొత్తగా మొదలయ్యే దారి ఒకటి ఉంది. మూడేళ్లు ముగియకముందే, "మీకు ఇంత ఇవ్వాల్సి ఉంది" అని ఒప్పుకుంటూ బాధ్యత గల అధికారి సంతకంతో రాసిస్తే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అందుకే ఆఫీసులో "ఇస్తాం" అన్నవాళ్లను ఆ మాటే కాగితం మీద రాసివ్వమనాలి.

అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటే ఆ దారినే వెళ్లాలి. అది లేక ప్రభుత్వం మీద దావా వేయాల్సి వస్తే, సాధారణంగా ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. కాబట్టి చివరి నెల దాకా ఆగకుండా, మూడో ఏడాది మొదట్లోనే కాగితాలన్నీ తీసుకుని లాయర్‌ను కలవడం మంచిది.