‘ప్లీజ్’ పెట్టినా ఎందుకు గుచ్చుకుంది?

హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు నుంచి లండన్ క్లయింటుకు ఇలా ఒక మెయిల్ వెళ్లిందనుకుందాం: “ప్లీజ్ సెండ్ ద ఫైల్ టుడే. యు హ్యాడ్ బెటర్ చెక్ ద సెకండ్ షీట్. ఐ వుడ్ సెండ్ ద రిపోర్ట్ టుమారో.” రాసినతను మర్యాదగానే రాశాననుకుంటాడు. చదివినావిడకు మాత్రం మొదటి వాక్యం హుకుంలా, రెండోది బెదిరింపులా, మూడోది సగంలో ఆగిపోయినట్టు తోస్తుంది.

అపోహ: ‘ప్లీజ్’ చేరిస్తే ఏ వాక్యమైనా మర్యాదే.

వాస్తవం: తెలుగులో గౌరవం క్రియ చివరే ఉంటుంది. “పంపండి” అనగానే మన్నన వచ్చేసింది. ఇంగ్లీషు ‘సెండ్’కు ఆ ‘అండి’ లేదు. ‘ప్లీజ్’ దాన్ని కాస్త మెత్తబరుస్తుందే గాని, ఆజ్ఞ కాకుండా చేయలేదు. ఎదుటివారికి కాదనే వీలుంచడమే అక్కడి మన్నన. ఆ వీలు ప్రశ్నలోనూ, అందులో వాడే మోడల్ క్రియలోనూ ఉంటుంది.

పక్క సీటు వాళ్లతో “కెన్ యు సెండ్” సరిపోతుంది. “కుడ్ యు సెండ్” అంటే ఒక అడుగు వెనక్కి జరిగి అడిగినట్టు. కుడ్ పుట్టుకతో కెన్‌కు భూతకాల రూపమే, కానీ ఇక్కడ నిన్నటి ముచ్చటేమీ లేదు. కాలంలోని ఎడాన్ని మనుషుల మధ్య ఎడంగా వాడుకుంటున్నారు. “వుడ్ యు మైండ్ సెండింగ్” ఇంకా మెత్తన. చిక్కేమిటంటే, దానికి ‘యెస్’ అంటే ‘నాకు అభ్యంతరమే’ అని. ఒప్పుకునేవారు ‘నాట్ ఎట్ ఆల్’ అంటారు.

మన ఆఫీసు ఉత్తరాల్లో “వివరాలు పంపగలరు” అని రాస్తాం. సామర్థ్యాన్ని చెప్పే ‘గలరు’ మనకు వినతి అయింది. దాన్నే “యు కెన్ సెండ్ ద డీటెయిల్స్” అని దించితే, కావాలంటే పంపుకోండి అని అనుమతి ఇచ్చినట్టుంటుంది.

అపోహ: వాక్యం ఎంత పొడుగైతే అంత మర్యాద.

వాస్తవం: అడిగే పని బరువును బట్టి మాట. తలుపు వేయమనడానికి “ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ పాసిబ్లీ” అని మొదలుపెడితే వెటకారమనుకుంటారు.

అపోహ: ‘హ్యాడ్ బెటర్’లో బెటర్ ఉంది కనుక అది ‘షుడ్’ కంటే సున్నితమైన సలహా.

వాస్తవం: తిరగేసి చెప్పుకోవాలి. “యు హ్యాడ్ బెటర్ చెక్” అన్నాక, ‘లేదంటే తర్వాత మీ ఇష్టం’ అన్న మాట పైకి అనకపోయినా వినిపిస్తుంది. వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్లు అని తల్లి అంటే బాగుంటుంది. క్లయింటుతో కుదరదు.

‘మస్ట్’ దగ్గరా ఇలాంటి తికమకే. మన “చూడాలి”లో సలహా, నిర్బంధం రెండూ ఇమిడిపోతాయి. గొంతును బట్టి ఏదో తేలుతుంది. అందుకే షుడ్ అనాల్సిన చోట మనవాళ్లకు మస్ట్ వచ్చేస్తుంది. వీటి మధ్య దూరం తెలియాలంటే, ఇంటర్నెట్ ప్రమాణాల కోసం 1997లో వచ్చిన RFC 2119 చూడవచ్చు. అందులో మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే, సరైన కారణం ఉంటే, పర్యవసానాలు ఆలోచించుకుని పక్కన పెట్టవచ్చు. మే అంటే పూర్తిగా ఐచ్ఛికం.

మనుషుల మాట అంత బిగువుగా ఉండదు. “యు మస్ట్ ట్రై దిస్ బిర్యానీ” అన్న మస్ట్‌లో ఆప్యాయతే ఉంది, ఎందుకంటే లాభం వినేవారిది. క్లయింటుకు “యు మైట్ వాంట్ టు చెక్ ద సెకండ్ షీట్” అంటే చాలు. అదే వాక్యం బాస్ నోట వస్తే మాత్రం సలహా అనుకుని ఊరుకోకండి. వెళ్లి చూడమనే.

అపోహ: ‘విల్’కు మర్యాద రూపం ‘వుడ్’.

వాస్తవం: ‘వుడ్ యు’ అని అడిగేటప్పుడు, ‘ఐ వుడ్ లైక్’ అని కోరేటప్పుడు నిజమే. మాట ఇచ్చేటప్పుడు కాదు. “ఐ వుడ్ సెండ్ ద రిపోర్ట్ టుమారో” చదివినావిడ తర్వాత వచ్చే ‘ఇఫ్’ కోసమో, ‘బట్’ కోసమో చూస్తుంది. రేపు రిపోర్టు వస్తుందో రాదో ఆమెకు తెలియదు. “ఐ విల్ సెండ్” అంటే మొరటు కాదు, భరోసా. భారతీయ ఇంగ్లీషులో ఈ వుడ్ ఎంత పాతుకుపోయిందంటే, మనలో మనకు వినిపించదు కూడా.

అపోహ: అవకాశం చెప్పడానికి మే, మైట్, కుడ్ ఏదైనా ఒకటే.

వాస్తవం: ‘నాట్’ చేరనంత వరకు దాదాపు అంతే. “ద డేటా మైట్ నాట్ బి రైట్” అంటే సరైనది కాకపోవచ్చు. “కుడ్ నాట్ బి రైట్” అంటే సరైనదయ్యే ప్రసక్తే లేదు. మొదటిది సందేహం, రెండోది తీర్పు.

‘మే’తో ఇంకో తంటా ఉంది. మన ‘వచ్చు’లాగే దానికి అనుమతి, అవకాశం రెండు అర్థాలూ ఉన్నాయి. “ద బిల్డ్ మే నాట్ బి రిలీజ్డ్ టుడే” అని టెస్టర్ రాస్తే, ఈరోజు విడుదల కాకపోవచ్చు అనా, చేయకూడదు అనా? సందేహమే చెప్పదలిస్తే ‘మైట్ నాట్’ రాయాలి. ఆపమనడమే ఉద్దేశమైతే ‘మస్ట్ నాట్’.