జత క్షేత్ర ప్రయోగాలలో అవును–కాదు ఫలితాలకు నమూనా పరిమాణం: భిన్న ఫలిత జతల పాత్ర

రైతు పొలాలలో రెండు యాజమాన్య పద్ధతులను పోల్చేటప్పుడు ఒకే పొలాన్ని రెండు భాగాలుగా చేసి, ఒక భాగంలో ఒక పద్ధతిని, రెండవ భాగంలో మరొక పద్ధతిని పాటించడం విస్తరణ శాస్త్రవేత్తలకు పరిచితమైన విధానమే. నేల, విత్తనం, వర్షం, రైతు యాజమాన్యం రెండు భాగాలకూ ఉమ్మడిగా ఉండడం దీనిలోని అనుకూలత. అయితే ఫలితాన్ని దిగుబడి వంటి కొలతగా గాక ‘తెగులు హద్దు దాటిందా, లేదా’ అని అవును–కాదు రూపంలో నమోదు చేసినప్పుడు, ఎన్ని పొలాలు అవసరమో నిర్ణయించడంలో తరచుగా ఒక పొరపాటు జరుగుతుంది. రెండు పద్ధతుల శాతాలను మాత్రమే చూసి లెక్క వేయడమే ఆ పొరపాటు. ఈ వ్యాసం ఆ లెక్కను ఒక ఉదాహరణతో వివరిస్తుంది.

వేరుశనగలో ఆస్పర్జిల్లస్ నైగర్ శిలీంధ్రం వలన వచ్చే మొదలు కుళ్ళు తెగులు నివారణకు కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించడం వాడుకలో ఉంది. దీనిని మరొక విత్తనశుద్ధి మందుతో పోల్చదలచామని అనుకుందాం. ప్రతి పొలాన్ని రెండు సమభాగాలు చేసి, ఏ భాగంలో ఏ మందు అన్నది నాణెం ఎగురవేసి నిర్ణయిస్తాము. విత్తిన 40 రోజులలోపు చనిపోయిన మొక్కలు 5 శాతాన్ని మించితే ఆ భాగాన్ని ‘అవును’ అనీ, లేకుంటే ‘కాదు’ అనీ నమోదు చేస్తాము. ఇక్కడ ప్రయోగ ప్రమాణం మొక్క కాదు, పొలం. దిగువ శాతాలన్నీ లెక్క కొరకు ఊహించినవే గాని ప్రయోగ ఫలితాలు కావు.

వాడుక మందు వేసిన భాగాలలో 30%, కొత్త మందు వేసిన భాగాలలో 15% హద్దు దాటుతాయని అనుకుందాం. జతలుగా చూస్తే పొలాలు నాలుగు రకాలుగా విడిపోతాయి.

| | కొత్త మందు: అవును | కొత్త మందు: కాదు | మొత్తం |
|---|---|---|---|
| వాడుక మందు: అవును | 12% | 18% | 30% |
| వాడుక మందు: కాదు | 3% | 67% | 70% |
| మొత్తం | 15% | 85% | 100% |

రెండు భాగాలలోనూ తెగులు వచ్చిన 12% పొలాలు గాని, రెండింటిలోనూ రాని 67% పొలాలు గాని ఏ మందు మెరుగైనదో చెప్పజాలవు. మొదటివి తెగులు తీవ్రత అధికంగా ఉన్న పొలాలనీ, రెండవవి తెగులు ఒత్తిడి లేని పొలాలనీ మాత్రమే తెలుస్తుంది. తీర్పు చెప్పేవి మిగిలిన 18%, 3% పొలాలే. వీటిని భిన్న ఫలిత జతలు అంటాము. క్విన్ మెక్‌నెమర్ 1947లో ప్రతిపాదించిన పరీక్ష వీటినే ఆధారం చేసుకుంటుంది. రెండు మందులూ సమానమైతే భిన్న ఫలిత జతలు ఇరువైపులా సమంగా పడాలన్నదే దాని శూన్య పరికల్పన.

కాబట్టి నమూనా పరిమాణానికి రెండు రాశులు కావాలి. భిన్న ఫలిత జతల మొత్తం నిష్పత్తి D (ఇక్కడ 0.18 + 0.03 = 0.21), వాటి మధ్య భేదం d (0.18 − 0.03 = 0.15). 5% ద్విపార్శ్వ సార్థకత స్థాయి, 80% పరీక్షా సామర్థ్యం కోరినప్పుడు కావలసిన జతల సంఖ్య:

```
n = [1.96·√D + 0.842·√(D − d²)]² / d²
```

√0.21 = 0.458 కనుక మొదటి పదం 0.898. 0.21 నుండి 0.0225 తీసివేయగా 0.1875, దాని వర్గమూలం 0.433 కనుక రెండవ పదం 0.365. రెండింటి మొత్తాన్ని వర్గీకరించి 0.0225తో భాగించగా సుమారు 70.9, అనగా 71 పొలాలు.

ఇప్పుడు అవే 30%, 15% శాతాలను ఉంచి, ఒకే పొలంలోని రెండు భాగాల ఫలితాలకు పరస్పర సంబంధమే లేదని అనుకుందాం. అప్పుడు భిన్న ఫలిత నిష్పత్తులు 0.30 × 0.85 = 0.255, 0.70 × 0.15 = 0.105 అవుతాయి. d మారదు, D మాత్రం 0.36కు పెరుగుతుంది. అదే సూత్రం ప్రకారం 124 పొలాలు కావాలి. జతలు లేకుండా వేర్వేరు పొలాలలో ప్రయోగం చేస్తే ఒక్కొక్క మందుకు సుమారు 121 పొలాలు అవసరమవుతాయి. అనగా పొలంలోని రెండు భాగాలు ఒకే తీరున ప్రవర్తించినప్పుడే జతకట్టడం వలన ప్రయోగ భాగాల సంఖ్య తగ్గుతుంది. ఆ పోలిక ఎంత బలంగా ఉన్నదో రెండు శాతాలు చెప్పవు. D మాత్రమే చెబుతుంది. అందువలన ప్రణాళికలో D విలువను, దానిని ఏ ప్రాథమిక పరిశీలన నుండి గ్రహించారో స్పష్టంగా పేర్కొనాలి.

71 అన్న సంఖ్యను కూడా యథాతథంగా స్వీకరించరాదు. 71 పొలాలలో సగటున లభించే భిన్న ఫలిత జతలు 15 మాత్రమే. ఇంత తక్కువ సంఖ్యకు పై సూత్రం ఉజ్జాయింపు మాత్రమే కనుక ద్విపద విభాజనంతో నేరుగా సరిచూడాలి. 15 జతలలో 12 ఒక వైపు, 3 మరొక వైపు పడితే ద్విపార్శ్వ సంభావ్యత 0.035, 11–4గా పడితే 0.118. కనుక కనీసం 12 జతలు ఒకే వైపు ఉంటేనే భేదం సార్థకమవుతుంది. మన ఊహ ప్రకారం ప్రతి 7 భిన్న ఫలిత జతలలో 6 కొత్త మందుకు అనుకూలం. అలాంటప్పుడు 12 లేదా అంతకు మించి ఆ వైపు పడే అవకాశం 84%. జతలు 14కు తగ్గితే 11–3 కూడా సరిపోదు. దాని సంభావ్యత 0.057. కనీసం 12–2 కావాలి. అప్పుడు సామర్థ్యం 68%కు పడిపోతుంది. 5 లేదా అంతకు తక్కువ భిన్న ఫలిత జతలుంటే అవన్నీ ఒకే వైపు పడినా సార్థకత రాదు. 5–0కు సంభావ్యత 0.0625.

71 పొలాలతో దాదాపు సగం సందర్భాలలో భిన్న ఫలిత జతలు 15 కంటే తక్కువే వస్తాయి. 15 నుండి 20 వరకు ఏ సంఖ్య వచ్చినా సామర్థ్యం 80% కంటే తగ్గదు. 90 పొలాలు తీసుకుంటే కనీసం 15 జతలు లభించే అవకాశం 85% పైన ఉంటుంది. అందువలన ఈ ఉదాహరణకు 90 తగిన సంఖ్య. నమోదు తప్పిపోయే పొలాల కొరకు అదనంగా చేర్చుకోవాలి. ఒక భాగం ఫలితం లేకపోయినా ఆ జత మొత్తం లెక్కలోకి రాదు.

D గురించి నమ్మకమైన సమాచారం లేనప్పుడు ప్రయోగాన్ని రెండు సీజన్లుగా విభజించడం మంచిది. మొదటి 45 పొలాల తరువాత భిన్న ఫలిత జతలు మొత్తం ఎన్ని అని మాత్రమే లెక్కించాలి. ఏ మందు వైపు ఎన్ని అని చూడరాదు. D = 0.21 అయితే 9 లేదా 10 రావాలి. 16 వచ్చినట్లయితే D సుమారు 0.36 అని గ్రహించి, మొత్తం పొలాలను 124కు పెంచాలి. మొగ్గు ఏ వైపున్నదో చూసి సంఖ్యను మార్చితే సార్థకత స్థాయి 5%గా నిలవదు. మొత్తాన్ని మాత్రమే చూసి మార్చినప్పుడు ఆ దోషం రాదు, ఎందుకంటే మెక్‌నెమర్ పరీక్ష నిర్ణయం ఆ మొత్తం ఇరువైపులా ఎలా విడిపోయిందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

ఫలితాలను ప్రకటించేటప్పుడు 30%, 15% అని రెండు శాతాలు మాత్రమే ఇస్తే చదువరి ఈ పరీక్షను సరిచూడలేడు. పై పట్టికలోని నాలుగు గడులనూ పొలాల సంఖ్యలతో ఇవ్వాలి. అప్పుడే తరువాతి ప్రయోగానికి కావలసిన D విలువ కూడా దాని నుండి లభిస్తుంది.