సలహా ఇచ్చేవారికి ప్రతిఫలం ఎవరిస్తున్నారు?

వడ్డీకి దూరంగా పొదుపు చేయదలచిన కుటుంబాలకు మన దేశంలో ఉన్న మార్గాలు కొన్నే. వాటిలో టాటా ఎథికల్, టారస్ ఎథికల్ వంటి షరీఅత్ అనుగుణ మ్యూచువల్ ఫండ్లు ముఖ్యమైనవి. ఈ ఫండ్లలో డబ్బు పెట్టడానికి మూడు దారులున్నాయి. కమీషన్ పొందే ఏజెంటు ద్వారా పెట్టవచ్చు, రుసుము తీసుకునే సలహాదారును సంప్రదించి పెట్టవచ్చు, ఎవరి సాయమూ లేకుండా స్వయంగానూ పెట్టవచ్చు.

ఒకే ఫండు రెండు రూపాల్లో దొరుకుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఏజెంటు ద్వారా కొనేది రెగ్యులర్ ప్లాన్; నేరుగా కొనేది 2013 జనవరి నుండి అందుబాటులోకి వచ్చిన డైరెక్ట్ ప్లాన్. రెండింటిలోనూ ఉండేవి అవే షేర్లు, నడిపేదీ ఆ మేనేజరే. ఏజెంటు కమీషన్ మాత్రం రెగ్యులర్ ప్లాన్ ఖర్చులో కలిసి, ఏటేటా మీ సొమ్ములోంచే పోతుంది. చేతినుండి ఇవ్వడం లేదు కాబట్టి అది ఉచితమనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కడపలోని ఒక దంపతులు ప్లాటు అమ్మగా వచ్చిన 10 లక్షల రూపాయలను కూతురి చదువుకోసం పదేళ్లు ఉంచదలచారనుకుందాం. డైరెక్ట్ ప్లాన్ ఏటా 11 శాతం, ఒక శాతం కమీషన్ పోగా రెగ్యులర్ ప్లాన్ 10 శాతం పెరిగాయనుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే, మార్కెట్టు ఇచ్చే హామీ కాదు. పదేళ్లకు మొదటిది సుమారు 28 లక్షల 39 వేలు, రెండోది సుమారు 25 లక్షల 94 వేలు అవుతుంది. తేడా దాదాపు రెండున్నర లక్షలు.

ఇక సలహాదారు ఏటా 12 వేలు తీసుకుంటాడనుకుందాం. తొలి ఏడు ఇది 10 వేల కమీషన్‌కన్నా ఎక్కువే. కానీ సొమ్ము పెరిగేకొద్దీ కమీషన్ పెరుగుతుంది, రుసుము మారకుంటే అక్కడే ఉంటుంది. అదే రెండు లక్షలే ఉన్న కుటుంబానికి 12 వేలంటే తొలి ఏడే ఆరు శాతం. అది మోయలేని భారం. చిన్న పొదుపుదారులకు నిజాయితీగల ఏజెంటే చవక. దలాలీకి ప్రతిఫలం పుచ్చుకోవడాన్ని ఫుఖహాలు సాధారణంగా అనుమతించారు కూడా. ప్రతిఫలాన్ని దాచడమే తప్పు.

అది దాగకుండా చూసే సాధనం మీ దగ్గరే ఉంది. ఆరు నెలలకోసారి వచ్చే ఏకీకృత ఖాతా నివేదికలో, ప్రతి ఫండుకూ ఏజెంటుకు ఎంత కమీషన్ చెల్లించారో రూపాయల్లో ఉంటుంది. ఆ కాగితం ముందుంచి, "ఈ మొత్తానికి మీరు నాకు చేసిన సేవ ఏమిటి?" అని అడగండి. మంచి ఏజెంటు చిన్నబుచ్చుకోడు. అతని ARN నంబరును యాంఫీ వెబ్‌సైటులో సరిచూడండి. ఏటేటా ఫండ్లు మార్పించే ఏజెంటు విషయంలో జాగ్రత్త అవసరం.

రుసుము సలహాదారుకు సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. దాని నంబరు INA అక్షరాలతో మొదలవుతుంది. నంబరు చూపిస్తే చాలదు, ఎందుకంటే మోసగాళ్లు ఇతరుల నంబర్లు వాడుకుంటారు. సెబీ వెబ్‌సైటులో ఆ పేరుకు ఎదురుగా ఉన్న ఫోన్ నంబరుకు మీరే చేసి చూడండి. రాతపూర్వక ఒప్పందం లేకుండా రుసుము ఇవ్వకండి, నగదుగా అసలే ఇవ్వకండి. ఆపై ఒక ప్రశ్న తప్పక వేయండి: "షేర్లలో పెట్టని భాగాన్ని ఎక్కడ ఉంచమంటారు?" చాలామంది అలవాటుగా ఫిక్స్‌డ్ డిపాజిట్, డెట్ ఫండ్ అంటారు. రెండూ వడ్డీమీద నడిచేవే. ఆ జవాబు ఇచ్చినవారికి ఎంత చదువున్నా మీ అవసరం అర్థం కాలేదు. జకాత్ లెక్క గురించీ, ఫండు ఆదాయంలో కలిసిన హలాల్ కాని భాగాన్ని వేరుచేయడం గురించీ అడిగినా సంగతి బయటపడుతుంది.

స్వయంగా పెట్టుకునేవారు ఫండు సంస్థ వెబ్‌సైటులోనే కె.వై.సి. పూర్తిచేసి డైరెక్ట్ ప్లాన్ ఎంచుకోవచ్చు. నెలనెలా ప్రకటించే షేర్ల జాబితాను చదివి, మిగులు నగదు ఎక్కడ ఉంచారో చూడాలి. అది పెద్ద కష్టం కాదు. అసలు పరీక్ష వేరే ఉంది. 2020లో జనవరి నుండి మార్చిలోపే నిఫ్టీ సూచీ మూడో వంతుకు పైగా పడిపోయింది. మీ పది లక్షలు ఆరున్నర లక్షలై కనిపించిన రాత్రి అమ్మేయకుండా ఉండగలరా? ఉండలేమనుకునేవారికి, ఆగమని చెప్పే మనిషి ఒకరుంటే ఇచ్చే రుసుము వృథా కాదు.

ఈ ముగ్గురిలో ఎవరూ కానివారు మరొకరున్నారు. నంబరూ ఉండదు, ఒప్పందమూ ఉండదు. మస్జిదు పరిచయంతోనో బంధుత్వంతోనో "హలాల్ లాభం, నెలనెలా ఇంత" అంటారు. బెంగుళూరులో 2019లో కూలిపోయిన ఐ.ఎం.ఎ. సంస్థలో వేలాది ముస్లిం కుటుంబాలు పెట్టిన డబ్బు ఇలాంటి నమ్మకంమీద పెట్టినదే. నిజమైన వ్యాపారంలో లాభం ముందే ఖాయం కాదు. అసలుతో కలిపి ఇంత ఖాయమంటే అది అప్పుమీద వడ్డీ అయినా కావాలి, మోసమైనా కావాలి. అలాంటి మాట విన్నవెంటనే ఆ సంభాషణను అక్కడితో ఆపివేయవచ్చు.