ఊహించే యంత్రం

1957 వేసవిలో మైకేల్ రాబిన్, డేనా స్కాట్ అనే ఇద్దరు యువ గణితవేత్తలు అమెరికాలో ఐబీఎం పరిశోధన విభాగానికి వచ్చారు. ఇద్దరూ ప్రిన్స్‌టన్‌లో అలోంజో చర్చ్ శిష్యులే. అక్కడ వాళ్లు ఆలోచించిన యంత్రాన్ని ఎవరూ ఇనుముతో చేయలేదు, చేయలేరు కూడా. అది ఊహించగలదు. దాని ముందు రెండు దారులుంటే ఏది సరైనదో ఎవరూ చెప్పనక్కర్లేదు. గమ్యం చేర్చే దారి ఒక్కటైనా ఉంటే అది చేరినట్టే లెక్క. 1959లో అచ్చయిన వాళ్ల పత్రం ఈ యంత్రాన్ని లోకానికి పరిచయం చేసింది. 1976లో ట్యూరింగ్ అవార్డు తెచ్చిందీ అదే. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ‘ఫ్లాట్’ అని పిలుచుకునే ఫార్మల్ లాంగ్వేజెస్, ఆటోమేటా సబ్జెక్టులో విద్యార్థులు ఎన్‌ఎఫ్‌ఏ పేరుతో చదివేది ఈ యంత్రాన్నే.

ఊహించే యంత్రానికి ముందు ఊహించనిది ఒకటి ఉంది. 1943లో వారెన్ మెకలక్, వాల్టర్ పిట్స్ మెదడులోని నాడీకణాల వలను గణితంగా చూపించారు. ఆ వల ఏయే సంకేతాల వరుసలను గుర్తుపట్టగలదో తేల్చే పనిని 1951లో రాండ్ సంస్థలో స్టీఫెన్ క్లేనీ చేపట్టాడు. ఆ పనిలోనే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు పుట్టాయి. పరిమితమైన స్థితులున్న యంత్రం ఏ వరుసలను ఒప్పుకోగలదో, ఆ రాతతో సరిగ్గా వాటినే వర్ణించగలమని క్లేనీ నిరూపించాడు. అంటే రాత నుంచి యంత్రానికి, యంత్రం నుంచి రాతకు, రెండు వైపులా దారి ఉంది. యంత్రం ఒప్పుకునే వరుసలన్నిటి సమూహాన్నే దాని భాష అంటారు. ఈ యంత్రాల భాషలకు రెగ్యులర్ భాషలని పేరు.

ఈ యంత్రం పని చాలా సాదా. సున్నాలు, ఒకట్లతో ఉన్న వరుసను ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చదువుతుంది. వెనక్కి పోదు, ఏదీ రాసుకోదు. ప్రతి గుర్తుకూ ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుతుంది. చదవడం అయ్యేసరికి ‘ఒప్పుకునే స్థితి’లో ఉంటే ఆ వరుస దాని భాషలోది. ఊహించని యంత్రంలో, అంటే డీఎఫ్‌ఏలో, ప్రతి స్థితి నుంచి ప్రతి గుర్తుకూ సరిగ్గా ఒక్క బాణమే బయటికి వెళ్తుంది. ఎన్‌ఎఫ్‌ఏలో అవి ఎన్నయినా ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు.

మరి ఊహించే శక్తి ఇస్తే యంత్రం కొత్త భాషలేమైనా గుర్తుపడుతుందా? రాబిన్, స్కాట్ వేసుకున్న ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా లోతుగా కనిపించేది ఇదే. ఎందుకంటే ఆటోమేటా అధ్యాయంలో ఎదురయ్యే ప్రతి యంత్రాన్నీ ఇదే ప్రశ్న అడగవచ్చు, జవాబు మాత్రం యంత్రాన్ని బట్టి మారిపోతుంది.

మొదటి జవాబుకు ఒక చిన్న ఉదాహరణ చాలు. చివరి నుంచి రెండో గుర్తు 1 అయిన వరుసలన్నీ మనకు కావాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా అది `(0|1)*1(0|1)`. దీనికి ఎన్‌ఎఫ్‌ఏ రాయడానికి మూడు స్థితులు సరిపోతాయి. మొదటిది ‘క’. ఇక్కడ ఏ గుర్తు వచ్చినా క లోనే ఉండిపోవచ్చు. కానీ 1 వచ్చినప్పుడు ‘చివరి నుంచి రెండోది ఇదే’ అని ఊహించి ‘గ’కు కూడా పోవచ్చు. గ నుంచి 0 వచ్చినా 1 వచ్చినా ‘చ’కు చేరుతుంది. చ ఒప్పుకునే స్థితి. దాని నుంచి బయటికి బాణాలు లేవు, కాబట్టి ఆ తర్వాత ఇంకో గుర్తు వస్తే ఆ ఊహ అక్కడితో ఆగిపోతుంది.

దీన్ని ఊహ అవసరం లేని యంత్రంగా మార్చడానికి రాబిన్, స్కాట్ చూపిన ఉపాయం ఇది: ఏ దారిలో వెళ్లాలో ఎంచుకోవద్దు, ఏయే స్థితుల్లో ఉండే అవకాశం ఉందో ఆ గుంపు మొత్తాన్నీ గుర్తుపెట్టుకో. కొత్త యంత్రానికి ఒక్కో గుంపూ ఒక్కో స్థితి. మొదట్లో గుంపులో క ఒక్కటే ఉంది. 0 వస్తే క దగ్గరే ఉంటాం. 1 వస్తే క, గ రెండింటిలోనూ ఉండే అవకాశం ఉంది, కాబట్టి ‘కగ’ అనే కొత్త గుంపు పుడుతుంది. కగలో ఉండగా 0 వస్తే క నుంచి క, గ నుంచి చ వస్తాయి, అది ‘కచ’. 1 వస్తే క నుంచి క, గ రెండూ, గ నుంచి చ వస్తాయి, అది ‘కగచ’. కొత్త గుంపు పుట్టినప్పుడల్లా దాన్ని పట్టికలో కింద చేర్చి, దానికీ రెండు గళ్లు నింపుతూ పోవాలి. కొత్తవి పుట్టడం ఆగగానే పని అయిపోయినట్టు.

```
గుంపు    0     1
క        క     కగ
కగ       కచ    కగచ
కచ       క     కగ
కగచ      కచ    కగచ
```

చ ఉన్న ప్రతి గుంపూ ఒప్పుకునే స్థితే. ఇక్కడ అవి కచ, కగచ. సరి చూసుకోవడానికి 0110 ఇచ్చి చూడండి. క నుంచి 0తో క, 1తో కగ, మరో 1తో కగచ, చివరి 0తో కచ. ఒప్పుకుంది, చివరి నుంచి రెండో గుర్తు 1 కూడా. పట్టికను ఇంకాస్త శ్రద్ధగా చూస్తే ఈ నాలుగు గుంపులూ చదివిన చివరి రెండు గుర్తుల జ్ఞాపకాలేనని తెలుస్తుంది. క అంటే 00, కగ అంటే 01, కచ అంటే 10, కగచ అంటే 11. (రెండు గుర్తులు రాకముందు, ముందర సున్నాలున్నాయని అనుకుంటే సరిపోతుంది.) ఈ నాలుగింటిలో ఏ రెంటినీ కలపలేం, కాబట్టి ఇంతకన్నా చిన్న డీఎఫ్‌ఏ ఈ భాషకు లేదు.

ఇక్కడ తరచూ జరిగే తప్పొకటి చెప్పాలి. ‘చివరి నుంచి రెండోది 1 కాని’ వరుసలు కావాలంటే ఒప్పుకునే స్థితులను, ఒప్పుకోని వాటిని తారుమారు చేస్తే చాలని పుస్తకం చెబుతుంది. డీఎఫ్‌ఏలో అది నిజం. ఎన్‌ఎఫ్‌ఏ మీదే అలా చేస్తే క కూడా ఒప్పుకునే స్థితి అవుతుంది. క దగ్గర ఎప్పుడూ ఉండిపోవచ్చు కాబట్టి యంత్రం అన్ని వరుసలనూ ఒప్పేసుకుంటుంది. 10 లాంటి వరుస ఒక్కటి ఇచ్చి చూస్తే తప్పు బయటపడుతుంది. ముందు గుంపుల యంత్రంగా మార్చాలి, ఆ తర్వాతే తారుమారు చేయాలి.

కాబట్టి పరిమిత స్థితుల యంత్రానికి ఊహ వల్ల కొత్త భాష ఏదీ రాదు. అయితే ఆ సమానత్వానికి వెల ఉంది. చివరి నుంచి రెండో గుర్తుకు బదులు పదోది 1 కావాలంటే ఎన్‌ఎఫ్‌ఏకి 11 స్థితులు చాలు. డీఎఫ్‌ఏ మాత్రం చివరి పది గుర్తులనూ గుర్తుంచుకోవాలి, దానికి 1024 స్థితులు కావాలి. ఇరవయ్యోది అయితే ఎన్‌ఎఫ్‌ఏకి 21, డీఎఫ్‌ఏకి 10,48,576.

ఈ వెలను తప్పించుకునే తెలివైన దారిని 1968లో కెన్ థాంప్సన్ ప్రచురించాడు. ఆయన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను చిన్న చిన్న ఎన్‌ఎఫ్‌ఏ ముక్కలుగా కట్టి అతికించాడు. డీఎఫ్‌ఏ పట్టికను ముందే మొత్తం నింపకుండా, చదువుతున్నప్పుడు అప్పటికి బతికున్న స్థితుల జాబితాను మాత్రం మోసుకెళ్లాడు. అప్పుడు ఒక్కో గుర్తుకు పట్టే పని ఎన్‌ఎఫ్‌ఏ పరిమాణాన్ని దాటి పేలిపోదు. తర్వాత వచ్చిన అనేక ప్రోగ్రామింగ్ భాషల రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీలు ఈ పద్ధతిని వదిలేశాయి. అవి ఒక ఊహను చివరిదాకా వెంబడించి, తప్పని తేలితే వెనక్కొచ్చి ఇంకోటి ప్రయత్నిస్తాయి. కొన్ని రాతలకు ఆ ప్రయత్నాల సంఖ్యే పేలిపోతుంది. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ కంప్యూటర్లు అలాంటి ఒక్క రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తోనే ఊపిరాడక, ఆ సంస్థ మీద ఆధారపడిన ఎన్నో వెబ్‌సైట్లు దాదాపు 27 నిమిషాలు నిలిచిపోయాయి.

ఊహ ఉన్నా లేకపోయినా పరిమిత స్థితుల యంత్రానికి ఒక హద్దు ఉంది. కొన్ని సున్నాలు, వాటి తర్వాత సరిగ్గా అన్నే ఒకట్లు ఉన్న వరుసలను అది గుర్తుపట్టలేదు. యంత్రానికి వంద స్థితులు ఉన్నాయనుకోండి. ఒక సున్నా నుంచి 101 సున్నాల దాకా వేర్వేరుగా ఇస్తే, కనీసం రెండు వేర్వేరు లెక్కలకు అది ఒకే స్థితికి చేరక తప్పదు. అవి 7, 40 అనుకుందాం. ఆ తర్వాత ఏడు ఒకట్లు ఇస్తే మొదటిదాన్ని ఒప్పుకోవాలి, రెండోదాన్ని తోసిపుచ్చాలి. కానీ యంత్రానికి ఆ రెంటికీ తేడా తెలియదు.

అందుకే యంత్రానికి ఒక స్టాక్ ఇచ్చారు. పేర్చిన పళ్లేల దొంతరలా పైనుంచే పెట్టాలి, పైనుంచే తీయాలి. ఇది పుష్‌డౌన్ ఆటోమేటన్, దాని భాషలు కాంటెక్స్ట్ ఫ్రీ భాషలు. సున్నాలను దొంతరలో పెట్టి, ఒకటి వచ్చినప్పుడల్లా ఒకటి తీస్తే ఇందాకటి చిక్కు తీరిపోతుంది.

ఊహ ప్రశ్న మళ్లీ అడిగితే ఈసారి జవాబు తిరగబడుతుంది. ఎడమ నుంచి చదివినా కుడి నుంచి చదివినా ఒకేలా ఉండే సరిసంఖ్య పొడవు వరుసలను తీసుకోండి. ఊహించే యంత్రం ‘మధ్య ఇదే’ అని ఊహించి, అప్పటిదాకా పెట్టినవి తీస్తూ పోల్చుకుంటుంది. ఊహించని యంత్రానికి మధ్య ఎక్కడో తెలియదు. 0110 చూసి మధ్యలోని 11 దగ్గర తీయడం మొదలుపెడితే, నాలుగు గుర్తులయ్యేసరికి దొంతర ఖాళీ అవుతుంది. కానీ వరుస 01100110 అయి ఉండొచ్చు. అదీ రెండువైపులా ఒకటే, దాని మధ్య వేరేచోట ఉంది, దాన్ని పోల్చడానికి కావలసినవన్నీ అప్పటికే పోయాయి. గుంపుల ఉపాయం ఇక్కడ పనిచేయదు. ఒక్కో ఊహకూ ఒక్కో దొంతర, ఒక్కోదాని ఎత్తు వేరు. వాటన్నిటినీ ఒక్క దొంతరలో దాచలేం. ఈ భాషకు ఊహ తప్పనిసరి అని నిరూపణ కూడా ఉంది. ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణాలను ఊహ అక్కర్లేని చిన్న వర్గంలోనే ఇమిడేలా రాయడానికి ఇదో పెద్ద కారణం.

అన్నిటికన్నా పైనున్న ట్యూరింగ్ యంత్రం దగ్గర జవాబు మళ్లీ మొదటికొస్తుంది. అంతులేని టేపు ఉంది కాబట్టి ఊహించని యంత్రం ఒక అడుగు లోతు దారులన్నీ, తర్వాత రెండడుగుల దారులన్నీ, అలా వరుసగా చూసుకుంటూ పోతుంది. గమ్యం చేర్చే దారి ఉంటే ఎప్పటికైనా దొరుకుతుంది. కొత్త భాష ఏదీ రాదు. పట్టే సమయం మాత్రం విపరీతంగా పెరగవచ్చు. అది తప్పనిసరా కాదా అన్నదే పేరున్న పీ, ఎన్‌పీ సమస్య.

పుష్‌డౌన్ యంత్రానికీ ట్యూరింగ్ యంత్రానికీ మధ్యన ఇంకో యంత్రం ఉంది. అది టేపు మీద రాయగలదు, చెరపగలదు. కానీ ఇచ్చిన వరుస పొడవును దాటి పోకూడదు. దీన్ని లీనియర్ బౌండెడ్ ఆటోమేటన్ అంటారు. సున్నాలు, అన్నే ఒకట్లు, మళ్లీ అన్నే రెళ్లు ఉన్న వరుసలు పుష్‌డౌన్ యంత్రానికి అందవు గానీ దీనికి అందుతాయి. 1964లో భాషాశాస్త్రవేత్త సిగే యుకి కురోడా దీని గురించి రెండు ప్రశ్నలు మిగిల్చాడు. ఊహించే యంత్రం ఒప్పుకోని వరుసలన్నిటితో ఏర్పడే భాషకూ అలాంటి యంత్రం ఉంటుందా అన్నది ఒకటి. నీల్ ఇమ్మర్‌మన్, రాబర్ట్ సెలెప్‌చేనీ 1987లో ఎవరికి వారు ‘ఉంటుంది’ అని నిరూపించారు. రెండోది మన పాత ప్రశ్నే: ఊహ తీసేస్తే దీని శక్తి తగ్గుతుందా? దానికి జవాబు ఇప్పటికీ లేదు. ఊహను తీసేయడానికి వరుస పొడవుకు వర్గమంత చోటు చాలని 1970లో వాల్టర్ సావిచ్ చూపించాడు. అంటే పొడవు వెయ్యి అయితే సుమారు పది లక్షల గళ్లు. ఆ లెక్కను పొడవు దాకా దించిన వాళ్లూ లేరు, దించడం కుదరదని నిరూపించిన వాళ్లూ లేరు.