ఒక సోఫా, ఆరు వందల రూపాలు

ఒక సోఫాను 3 సైజుల్లో, 40 బట్టల్లో, 5 రకాల కాళ్లతో అమ్ముతున్నారనుకోండి. ప్రతి కలయికకూ కోడ్ ఇస్తే 600 అవుతాయి. ఒక్క బట్ట ధర మారినా 15 కోడ్లు దిద్దాలి. నిజానికి గోదాములో ఉండేవి ఫ్రేములు, బట్టలు, కాళ్లు కలిపి 48 రకాలే. కోడ్లు వాటికి చాలు. సోఫాకు ఒకే మోడల్ కోడ్ ఇచ్చి, మిగతావి ఆర్డరులో ఎంచుకోనివ్వాలి. మూడు సీట్లయితే పెద్ద ఫ్రేము, 12 మీటర్ల బట్ట అని ఒకసారి నియమం రాసి పెడితే, ఏ ఆర్డరుకైనా సామాను జాబితా దానంతటదే తయారవుతుంది. కుదరని జోడీలనూ నియమమే ఆపాలి. లేకపోతే పెద్ద సోఫాకు సన్నకాళ్లు అమ్ముడైపోయి, సంగతి వర్క్‌షాపులో గానీ బయటపడదు. ముందే చేసి షోరూంలో ఉంచే సోఫాలకు మాత్రం విడి కోడ్ తప్పదు. మొత్తం పది ఉన్నాయంటే సరిపోదు, నీలంవి ఎన్నో తెలియాలి.